త్యు, వూ: తులూజ్‌లో ఉన్న మా అబ్బాయికి

చిరంజీవి నాన్నకి,

నీ మెయిల్ చదివాను. క్వాలిటీ విభాగం ఆవిడతో నాలుగేళ్లుగా పని చేస్తున్నా ఇంకా ఫ్రెంచిలో మీరు అనే 'వూ'తోనే రాసుకుంటున్నాం, ఇక నువ్వు అనే 'త్యు'లోకి మారొచ్చా బాబాయ్ అని అడిగావు. మారొచ్చు. కాకపోతే మన నువ్వు–మీరు లెక్కను దానికి అతికించకు. మన దగ్గర పెద్దాయన నువ్వు అంటాడు, చిన్నవాడు మీరు అంటాడు, ఎవరికీ తప్పు తోచదు. ఫ్రాన్స్ ఆఫీసులో అలా ఒకవైపే నడిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆవిడ త్యు అన్నాక నువ్వు గౌరవం కొద్దీ వూ అంటూ పోతే, దూరం పెడుతున్నావనుకుంటుంది. అక్కడ పిల్లలు అమ్మమ్మను కూడా త్యు అనే పిలుస్తారు, కాబట్టి ఆ మాటలో అమర్యాదేమీ లేదు.

ఆవిడ మెయిల్‌లో 'బోంజూర్' తర్వాత నీ పేరు రాస్తోందని, త్యులోకి రమ్మనడం అదేననుకున్నావు. కాదు. పేరు పెట్టి పిలుస్తూ వూ అనడం అక్కడ మామూలే. కొందరు రిటైరయ్యేదాకా అలాగే ఉంటారు, స్నేహానికేం లోటుండదు. నువ్వు చూడాల్సింది మెయిల్ చివర. ఇదివరకు 'కోర్డియాల్మాఁ' అని లాంఛనంగా రాసి, కింద పూర్తి పేరు, హోదా ఉండేవన్నావు. ఇప్పుడు ఇంకాస్త ఆత్మీయంగా 'బ్యాఁనా వూ' అని రాసి ఉత్త మొదటి పేరుతో ముగిస్తోందంటే మెత్తబడినట్టే. కాఫీ మెషిన్ దగ్గర ఎప్పుడైనా నోరు జారి త్యు అందా? అంటే, ఇక అడగనక్కర్లేదు. మరుసటి మెయిల్ త్యులోనే రాయి.

అనలేదంటే, అడగడం ఎవరి వంతు? వయసులోనో హోదాలోనో పెద్దవాళ్లు అడగడం అక్కడి మర్యాద. సమాన హోదా అయితే ఎవరైనా అడగొచ్చు. ఆవిడ నీకంటే పెద్దది కాబట్టి ఆమె అడిగేదాకా ఆగితే మేలు. కానీ నాలుగేళ్లు గడిచాయి గనక నువ్వే అడిగినా ఏమీ అనుకోదు. ఎదురుగా అడిగితే సులువు: 'ఓఁ పూర్రే స త్యుత్వాయే, నోఁ?', అంటే మనం త్యు అనుకోవచ్చు కదా, అని అడిగితే చాలు. మెయిల్‌లో అడిగితే, పని ముగిసిన మెయిల్‌కి చివర ఒక్క వాక్యంగా పెట్టు, 'మీకు ఇబ్బంది లేకపోతే' అనే మాట తప్పక చేర్చు. ఆవిడ దగ్గర ఏదైనా పని కావాల్సిన మెయిల్‌లో మాత్రం అడగొద్దు, సాయం కోసం చనువు పెంచుకుంటున్నట్టుంటుంది. జవాబు వూలోనే వస్తే అదే జవాబనుకుని వూలోనే కొనసాగు, రెండోసారి అడగకు.

తేలేదాకా టెన్షన్ ఎందుకు? రెండూ లేకుండా రాయొచ్చు. 'ఫైలు పంపగలరా' అనే బదులు 'ఫైలు అందే వీలుందా' అన్నట్టు 'సెరెతిల్ పోసీబ్ల్ ద...' అని మొదలుపెట్టు. 'ఫైలుకి మెర్సీ' అంటే సరిపోతుంది. ఫ్రెంచివాళ్లే ఈ తంటా పడుతుంటారు!

అసలు తప్పులు దొర్లేది మారిన తర్వాతి మొదటి మెయిల్‌లో. పాత మెయిల్ కాపీ చేసి 'వూ'లు తీసేస్తావు, మధ్యలో ఒక 'వోత్ర్' మిగిలిపోతుంది. 'నువ్వు మీ రిపోర్టు పంపావు' అన్నట్టు అవుతుంది. 'వోత్ర్ రపోర్' 'తోఁ రపోర్' కావాలి, చేయగలరా అనే 'పువే వూ' 'ప త్యు' కావాలి, దయచేసి అనే 'సిల్ వూ ప్లే' 'సిల్ త ప్లే' కావాలి. జతచేసిన ఫైలు చూడండి అంటూ అలవాటుగా పెట్టే 'వయే త్రువే సి-జ్వాఁ' కూడా వూ రూపమే, దాన్ని 'త్యు త్రువరా సి-జ్వాఁ' చెయ్యి. చివర 'బ్యాఁనా త్వా'. పంపేముందు 'వూ', 'వోత్ర్', 'వో' అని వెతికి చూసుకో.

ఆవిడకీ ఆవిడ బాస్‌కీ కలిపి రాస్తే వూ తప్పదు, అది బహువచనం, ఆవిడ నొచ్చుకోదు. క్లయింట్ కాపీలో ఉంటే ఆవిడ ఎలా రాస్తోందో అలాగే రాయి. కొందరు బయటివాళ్ల ముందు వూలోకి వెళ్తారు, అది ఆ మెయిల్ వరకే.

ఆవిడతో ఏదైనా మాటామాటా వచ్చిందనుకో, కోపంలో మళ్లీ వూ మొదలుపెట్టకు. అక్కడ అది తలుపు మొహాన వేసినట్టే, తర్వాత తెరవడం కష్టం.

ఇప్పుడు ఆగస్టు, ఆవిడ సెలవులో ఉంటుందేమో. సెప్టెంబరులో అందరూ తిరిగొచ్చాక సెలవులెలా గడిచాయని పలకరిస్తారు కదా, అప్పుడు అడుగు.

మీ బాబాయ్