గుడి ట మీదా, న మీదా?

ప్రశ్న: మా తాతగారికి ఆయన తమ్ముడు దాదాపు అరవై ఏళ్ల కిందట రాసిన ఉత్తరం మా దగ్గర ఉంది. సిరా బాగా వెలిసిపోయింది. ఫోనుతో ఫొటో తీసి ఏఐతో చదివిస్తే ‘నాకు ముట్టిన సొమ్ము’ అని వచ్చింది. ఆయన వాటా సొమ్ము అప్పుడే చెల్లించామనడానికి దీన్ని కోర్టులో చూపవచ్చా?

జవాబు: ఉత్తరం చూపవచ్చు. ఏఐ చదివి ఇచ్చిన పాఠం మాత్రం సాక్ష్యం కాదు, అది మీ సౌకర్యం కోసం తీసుకున్న ఒక ఊహ. అందులోనూ మీరు ఆధారపడుతున్న మాటే నన్ను కలవరపెడుతోంది. ‘ముట్టిన’, ‘ముట్టని’ అని పక్కపక్కన రాసి చూడండి. తేడా అంతా ఒక్క గుడిలోనే ఉంది. అది ట మీద ఉంటే సొమ్ము అందినట్టు, న మీద ఉంటే అందనట్టు. గుడి ఒక చిన్న గీత. సిరా వెలిసినప్పుడు ఇలాంటి సన్నని గీతలే ముందు మాయమవుతాయి. గుడి కనిపించని చోట మోడల్ ఆగిపోదు. వాక్యానికి ఏది ఎక్కువగా అతుకుతుందో దాన్ని వేసేస్తుంది, తడబాటు కూడా లేకుండా.

పేర్లు, అంకెలు, తేదీలు, కొట్టివేసిన మాటలు, పంక్తుల మధ్య ఇరికించిన మాటలు కూడా ఇలాగే దెబ్బతింటాయి. సందర్భం చూసి వాటిని ఊహించడం ఎవరికైనా కష్టమే. వెలిసిన 3, 8 ఒకేలా కనిపిస్తాయి. తెలుగు అంకెలు వాడి ఉంటే ౨, ౩ల దగ్గర మరింత జాగ్రత్త. ఇంకొక సంగతి చాలామంది గమనించరు. ‘వ్రాసితిని’ అని ఉన్నదాన్ని మోడల్ చడీచప్పుడు లేకుండా ‘రాశాను’గా మార్చేయవచ్చు. పాఠం మరీ నున్నగా, నేటి తెలుగులో ఉంటే అనుమానించండి.

ఇప్పుడు ఫొటో సంగతి. పేజీ మొత్తాన్ని ఒకే ఫొటోలో తీసి ఉంటారు. పెద్ద ఫొటోలను చాలా మోడళ్లు కుదించుకుని చదువుతాయి. పేజీ వెడల్పు 20 సెంటీమీటర్లు, కుదించిన ఫొటో వెడల్పు 1500 పిక్సెళ్లు అనుకుంటే, అర మిల్లీమీటరు గీతకు దక్కేది నాలుగు పిక్సెళ్లకన్నా తక్కువ. కాబట్టి రెండు మూడు పంక్తులకొక ఫొటో తీయండి, ఒక దాని అంచు మరొకదానిలోకి వచ్చేలా. ఫ్లాష్ వద్దు. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని వెలుతురులో, ఫోనును కాగితానికి సమాంతరంగా పట్టుకోండి. వెనకవైపు రాత తొంగిచూస్తుంటే కాగితం కింద నల్ల కాగితం పెట్టండి. స్కానింగ్ యాప్‌లోని నలుపు-తెలుపు పద్ధతి అసలే వాడకండి. అది మసక గీతలను మరకలనుకుని తుడిచేస్తుంది.

మీ ఉత్తరం ఆ కాలపు ఫౌంటెన్ పెన్ సిరాతో రాసి, ఇప్పుడు గోధుమరంగుకు తిరిగి ఉంటే, అది ఇనుము కలిసిన సిరా అయ్యే అవకాశం ఉంది. రంగు ఫొటో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల కలయిక; అలాంటి సిరాను ఫొటో ఎడిటింగ్ యాప్‌లో నీలి పొరలో మాత్రమే చూస్తే గీతలు చాలాసార్లు మరింత ముదురుగా తేలతాయి. వెలుతురు ఒక పక్కనుంచి ఏటవాలుగా పడేలా మరొకటి తీస్తే, పాళీ నొక్కిన గాడి కనబడవచ్చు. ఈ రెండు ఫొటోలలోనూ అదే మాట విడిగా చదివించి చూడండి. జవాబు మారితే ఆ మాట సందిగ్ధమే. మారకపోయినా ఖాయమైనట్టు కాదు, రెండుసార్లూ ఒకే ఊహ చేసి ఉండవచ్చు. అంతకన్నా ఆయన ఉత్తరంలో మరెక్కడైనా గుడి ఎలా వేశారో, అక్షరానికి ఎంత కుడివైపుకు లాగారో కొలిచి పోల్చడం మేలు.

చట్టం సంగతికి వస్తే, భారతీయ సాక్ష్య అధినియమం 2023 ప్రకారం అసలు ఉత్తరమే ప్రాథమిక సాక్ష్యం. ముప్ఫై ఏళ్లు దాటిన పత్రం సరైన వ్యక్తుల దగ్గరినుంచి వస్తే, చేతిరాత ఫలానా వారిదేనని కోర్టు భావించవచ్చని 92వ సెక్షన్ చెబుతుంది. అది రాత ఎవరిదన్న సంగతికే పరిమితం. రాసినది నిజమేనా, ఆ మాట ఏమిటి అన్నది విడిగా తేలాలి. ఆ మాట ఏమిటో తేల్చడానికి చేతిరాత నిపుణుడి అభిప్రాయం 39వ సెక్షన్ కింద తీసుకోవచ్చు. ఎదుటి పక్షం కూడా మరో నిపుణుడిని తెస్తుందని మరవకండి.

అందుకే అసలును ఏమీ చేయకండి. నీటితో తుడవడం, పెన్నుతో దిద్దడం, లామినేషన్ చేయించడం, ఏదీ వద్దు. వెలిసిన సిరాను పైకి తెస్తామంటూ రసాయనం పూయించుకుని పత్రాలు పాడుచేసుకున్నవారు ఉన్నారు. దిద్దిన గుడి మీరు దిద్దినదని తేలితే, ఉత్తరం మొత్తం మీదే అనుమానం వస్తుంది.

ఇక లీగల్ నోటీసులో ఇప్పుడే ‘ముట్టిన సొమ్ము’ అని కొటేషన్ పెట్టి రాయకండి. నిపుణుడు ‘ముట్టని’ అని తేల్చిన రోజున, బాకీ ఉందని చెప్పే ఉత్తరాన్ని మీరే తెచ్చి ఎదుటివారి చేతికి ఇచ్చినట్టవుతుంది. ముందు అసలును తీసుకుని ఒకసారి న్యాయవాదిని కలవండి. ఫొటోల కన్నా ముందు ఆ ఒక్క మాటను ఆయన భూతద్దంతో చూడాలి.