'సె అవేవో' ఎందుకు తప్పు?

"'ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ కమ్' అనే దాన్ని ఇటాలియన్‌లో 'సె అవేవో తెంపో, వెర్రెయ్' అని రాస్తే టీచర్ కొట్టేశారు. హ్యాడ్ అంటే పాస్టే కదండీ?"

ఇక్కడ హ్యాడ్ రూపం పాస్టే గానీ, కాలం ఇప్పటిది. ఇప్పుడు టైమ్ లేదు, అందుకే రావట్లేదు అని దాని అర్థం. ఇంగ్లీషు ఈ 'లేనిది ఊహించడాన్ని' పాస్ట్ రూపంతోనే నెట్టుకొస్తుంది. ఇటాలియన్‌లో దానికి విడిగా ఒక రూపం ఉంది, కొంజున్తీవో ఇంపెర్ఫెత్తో. కాబట్టి 'సె అవెస్సి తెంపో, వెర్రెయ్' అని రాయాలి. మీ వెర్రెయ్ సరిగ్గానే ఉంది, మార్చాల్సింది సె పక్కనున్న క్రియ ఒక్కటే.

మన తెలుగే ఇక్కడ తికమక పెడుతుంది. 'టైముంటే వచ్చేవాణ్ణి' అన్నప్పుడు అది ఇవాళ్టి మాటో నిన్నటి మాటో ఆ వాక్యం చెప్పదు. అందుకే రాసే ముందు 'ఇప్పుడా, అప్పుడా?' అని తేల్చుకోండి. నిన్నటి పెళ్లి గురించైతే 'సె అవెస్సి అవూతో తెంపో, సరెయ్ వెనూతో' అవుతుంది. చెప్పేది ఆడవాళ్లయితే చివర వెనూతా. ఇంగ్లీషులో ఇది 'ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ హావ్ కమ్'. హ్యాడ్ రెండుసార్లు రావడం పొరపాటు కాదు, ఒకటి తీసేస్తే మళ్లీ ఇవాళ్టి మాటైపోతుంది.

నిజంగా వీలు పడేదైతే ఇంత గొడవ లేదు, 'సె అవ్రో తెంపో, వెర్రో'. రెండు వైపులా ఫ్యూచరే. ఇంగ్లీషులో మాత్రం ఇక్కడ ఇఫ్ పక్కన విల్ పెట్టకండి.

అన్నట్టు, ఇటలీవాళ్ల నోట 'సె అవేవో తెంపో, వెనీవో' అని వింటారు. అది జరగని నిన్నటి సంగతి, మాటల్లో చెల్లుతుంది, పరీక్షలో రాయకండి.