అజెండా ఖరారు కాకముందే క్యాలెండర్‌లో హోల్డ్ ఎలా రాయాలి?

"అజెండా ఇంకా రెడీ కాలేదు, కానీ మా మేనేజర్ క్యాలెండర్‌లో ఒక స్లాట్ బ్లాక్ చేయాలి, ఇన్వైట్‌లో ఏం రాయాలి?"

సబ్జెక్ట్ మొదట్లోనే హోల్డ్ అని పెట్టండి, ఎందుకంటే ఫోన్‌లో మొదటి రెండు మూడు మాటలే కనిపిస్తాయి. "హోల్డ్: బడ్జెట్ రివ్యూ, ఇంకా కన్ఫర్మ్ కాలేదు" అంటే చాలు. లోపల ఇలా రాయొచ్చు: "గురువారం 3 నుంచి 3:30 దాకా ఈ టైమ్ పట్టి ఉంచుతున్నానండి, అజెండా మంగళవారం సాయంత్రంలోగా పంపిస్తా, కుదరకపోతే నేనే క్యాన్సిల్ చేస్తా, ఈలోగా మీకు వేరే ముఖ్యమైన పని పడితే చెప్పండి, మారుద్దాం." ఇందులో అసలైన ముక్క ఆ మంగళవారం గడువే, అది లేకపోతే హోల్డ్ అలాగే వారాలు పడి ఉంటుంది, ఆయనేమో ఆ టైమ్‌లో ఇంకేమీ పెట్టుకోలేరు. ఔట్‌లుక్ అయితే Show As దగ్గర Tentative పెట్టండి. ఖరారయ్యాక కొత్త ఇన్వైట్ పంపొద్దు, పాతదాన్నే ఎడిట్ చేసి హోల్డ్ మాట తీసేయండి, లేదంటే ఒకే టైమ్‌కి రెండు మీటింగులు కనిపిస్తాయి.