రౌటర్ నుంచి స్విచ్‌కి ఒక్క కేబులే: రెండోది పెడితే నెట్ మొత్తం ఎందుకు ఆగిపోతుంది

ప్రశ్న: మా ఆఫీసులో ఫైబర్ రౌటర్‌కి నాలుగే పోర్టులున్నాయి. అందుకని 8 పోర్టుల మామూలు స్విచ్ ఒకటి, లోపలి గదికి 5 పోర్టులది ఇంకొకటి కొన్నాం. స్పీడు బాగా వస్తుందని రౌటర్ నుంచి పెద్ద స్విచ్‌కి రెండు కేబుళ్లు పెట్టాం. నిమిషం కూడా కాలేదు, అన్నీ ఆగిపోయాయి. ఫోన్లలో వైఫై కూడా పోయింది. స్విచ్ పాడైందా? అసలు ఎలా కలపాలి?

జవాబు:

స్విచ్‌కి ఏమీ కాలేదండీ. ఆ రెండు కేబుళ్లలో ఏదో ఒకటి పీకేయండి, కొన్ని సెకన్లలో నెట్ తిరిగొస్తుంది. రాకపోతే రౌటర్‌ని ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఇలాంటి దెబ్బకి కొన్ని రౌటర్లు బిగుసుకుపోతాయి.

జరిగింది లూప్. కంప్యూటర్ గానీ ఫోన్ గానీ నెట్‌వర్క్‌లోకి రాగానే "192.168.1.1 ఎవరు?" లాంటి ప్రశ్నను అందరికీ వినపడేలా వేస్తుంది. దాన్ని బ్రాడ్‌కాస్ట్ అంటారు. అది ఏ పోర్టులోంచి వచ్చిందో ఆ పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టులకూ పంపడం స్విచ్ పని. రౌటర్ వెనక ఉన్న నాలుగు లాన్ పోర్టులు కూడా నిజానికి ఒక చిన్న స్విచ్చే. కాబట్టి మొదటి కేబుల్లో రౌటర్‌కి చేరిన ప్రశ్నను రౌటర్ రెండో కేబుల్లో వెనక్కి పంపుతుంది. స్విచ్ దాన్ని కొత్త ప్రశ్న అనుకుని మళ్లీ అన్ని పోర్టులకూ పంచుతుంది. ఐపీ ప్యాకెట్లో రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గే అంకె ఉంటుంది, అది సున్నా అయితే ప్యాకెట్ చచ్చిపోతుంది. ఈథర్నెట్ ఫ్రేములో అలాంటి అంకె లేదు. ఒక్క ప్రశ్న చాలు, కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది. దాని వెనకే ఇంకో ప్రశ్న, ఇంకోటి చేరి మొత్తం దారిని నింపేస్తాయి. రౌటర్ లోపల వైఫై, లాన్ పోర్టులు ఒకే నెట్‌వర్క్‌గా కలిసి ఉంటాయి కనుక ఈ వరద వైఫైలోకీ పారుతుంది. మీ ఫోన్లు ఆగింది అందుకే.

ఇక స్పీడు సంగతి. రెండు కేబుళ్లను ఒక్కటిగా వాడాలంటే రెండు వైపులా ఆ సెట్టింగు ఉండాలి. సెట్టింగుల పేజీయే లేని మామూలు స్విచ్‌లో అది కుదరదు. పెద్ద మేనేజ్డ్ స్విచ్‌లు ఎస్‌టీపీ అనే పద్ధతితో అదనపు దారిని కనిపెట్టి మూసేస్తాయి. మీ స్విచ్ ఆ పని చేయదు, మీరు ఎలా గుచ్చితే అలాగే కలుపుతుంది. నిజంగా స్పీడు కావాలంటే రౌటర్ వెనక ఒకసారి చూడండి. చాలా ఫైబర్ రౌటర్లలో ఒక్క పోర్టే గిగాబిట్‌ది, మిగతావి 100 ఎంబీపీఎస్‌వి. స్విచ్ కేబుల్ ఆ గిగాబిట్ పోర్టులో ఉండాలి. కేబుల్ క్యాట్5ఈ అయి, ఎనిమిది తీగలూ సరిగా క్రింప్ అయి ఉండాలి. నాలుగు తీగలే కలిస్తే లింకు 100 దగ్గరే ఆగిపోతుంది.

కలపడానికి నేను నమ్మే లెక్క ఒకటే: పెట్టెలు ఎన్నో, వాటి మధ్య కేబుళ్లు అంతకన్నా ఒకటి తక్కువ. పెట్టెలంటే రౌటరూ స్విచ్‌లూ మాత్రమే, కంప్యూటర్లను లెక్కపెట్టకండి. మీకు రౌటర్ ఒకటి, స్విచ్‌లు రెండు, మొత్తం మూడు. కనుక మధ్యలో కేబుళ్లు రెండే. రౌటర్ లాన్ పోర్టు నుంచి 8 పోర్టుల స్విచ్‌కి ఒకటి, అక్కడి నుంచి లోపలి గదిలోని 5 పోర్టుల దానికి ఒకటి. చిన్న స్విచ్‌ని నేరుగా రౌటర్‌కి కలిపినా తప్పులేదు, కానీ అప్పుడు రెండు స్విచ్‌ల మధ్య కేబుల్ ఉండకూడదు. మూడో కేబుల్ ఎక్కడ పెట్టినా త్రికోణం ఏర్పడుతుంది, అదీ లూపే. ఈ లెక్కన మొత్తం 17 పోర్టుల్లో నాలుగు ఈ రెండు కేబుళ్లకే పోతాయి, 13 మిగులుతాయి. స్విచ్‌లో ఏ పోర్టునైనా రౌటర్‌కి వాడుకోవచ్చు, క్రాస్ కేబుల్ అవసరం ఇప్పటి స్విచ్‌లకు లేదు. పాత స్విచ్‌లో "అప్‌లింక్" అని రాసిన పోర్టు ఉంటే మాత్రం దాన్నీ, దాని పక్క పోర్టునూ ఒకేసారి వాడకండి. సాధారణంగా ఆ రెండూ లోపల ఒకటే.

ఒకసారి సరిగా కలిపాక కూడా లూప్ మళ్లీ వచ్చేది ఎక్కువగా ఒంటరి కేబుల్ వల్లే. ల్యాప్‌టాప్ నుంచి తీసిన కేబుల్ చివర బల్ల మీద పడి ఉంటుంది, ఊడ్చేవాళ్లో పక్క సీటువాళ్లో ఊడిపోయిందేమో అనుకుని మంచి మనసుతోనే ఖాళీ పోర్టులో గుచ్చేస్తారు. రెండు చివరలూ ఒకే స్విచ్‌లో పడ్డాయంటే ఆ ఒక్క కేబుల్ చాలు. గోడ సాకెట్ల విషయం ఇంకా మోసపూరితం. రెండు సాకెట్ల మధ్య చిన్న ప్యాచ్ కార్డు పెడితే, గోడ లోపల ఆ రెండూ వెళ్లేది అదే స్విచ్‌కి కాబట్టి లూప్ అవుతుంది, పైకి మాత్రం కనపడదు. ఐపీ ఫోన్ వెనక రెండు పోర్టులుంటాయి, ఒకటి గోడకి, రెండోది కంప్యూటర్‌కి. రెండూ గోడకే గుచ్చినా ఇదే కథ. వాడని కేబుల్‌ని స్విచ్ వైపు నుంచి కూడా తీసేయడం, ప్రతి కేబుల్‌కీ రెండు చివరలా ఒకే నంబరు అంటించడం, పెట్టెల మధ్య కేబుళ్లకు మాత్రం వేరే రంగు వాడడం, ఇవి పది నిమిషాల పని, తర్వాత గంటలు మిగులుస్తాయి.

లూప్ అని ఎలా తెలుస్తుందంటే, అన్ని పోర్టుల లైట్లూ ఒకే తాళంలో, ఆగకుండా, దాదాపు వెలిగే ఉన్నట్టు కొట్టుకుంటాయి. మామూలుగా అయితే ఒక్కో లైటు తన పని బట్టి విడివిడిగా మినుకుతుంది. విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ కొట్టి చూడండి, రెండో దాంట్లో మీ రౌటర్ చిరునామా పెట్టండి:

```
ipconfig
ping -t 192.168.1.1
```

మొదటి దాంట్లో 169.254తో మొదలయ్యే చిరునామా కనపడితే రౌటర్ నుంచి జవాబు అందలేదని అర్థం. అది లూప్ వల్లే కానక్కర్లేదు, ఊడిన కేబుల్ వల్లా అవుతుంది, కాబట్టి లైట్లతో కలిపి చూసుకోండి. రెండో దాన్ని అలా నడవనిచ్చి స్విచ్ దగ్గరకు వెళ్లండి. ముందు రౌటర్ నుంచి స్విచ్‌కి వచ్చే కేబుల్ తీయండి. వైఫై వెంటనే బాగుపడితే తప్పు స్విచ్ వైపు ఉన్నట్టు. తర్వాత మిగతా కేబుళ్లను ఒక్కొక్కటే తీస్తూ లైట్లు చూడండి. ఒక కేబుల్ తీస్తే అదే స్విచ్‌లో రెండు లైట్లు ఒకేసారి ఆరిపోయాయంటే దొంగ దొరికినట్టే, ఆ కేబుల్ రెండు చివరలూ అక్కడే ఉన్నాయి. అలా దొరక్కపోతే అన్నీ తీసేసి ఒక్కోటి పెడుతూ పది సెకన్లు ఆగండి. ఏది పెట్టగానే లైట్లు మళ్లీ రెచ్చిపోతాయో దాని అవతలి చివర ఎక్కడుందో వెతకండి.

ఇంకో స్విచ్ కొనే పని పడితే పెట్టె మీద "లూప్ ప్రివెన్షన్" లేదా "లూప్ డిటెక్షన్" అని ఉందేమో చూడండి. కొన్నింటిలో అది చిన్న మీటతో ఆన్ చేయాలి, లేకపోతే పనిచేయదు. డిటెక్షన్ అని మాత్రమే ఉన్నవాటిలో కొన్ని హెచ్చరిక లైటు వెలిగిస్తాయి తప్ప పోర్టును మూయవు, అందుకే కొనే ముందు మాన్యువల్‌లో ఆ ఒక్క వాక్యం చదవండి.