ఆడపడుచు నోరు, అన్నయ్య పద్దు

ప్రశ్న: మేడమ్, ఈ నెలాఖరున మా అన్నయ్య పెళ్లి. ఆ రోజు మా ఇద్దరి ఫొటో పెట్టి కింద నాలుగు మాటలు రాయాలని ఉంది. ఇంటర్ లెక్కల్లో తప్పడం, రెండు పెళ్లిచూపుల్లో అమ్మాయిలు కాదనడం, గురక, అన్నీ రాసి చివర్లో 'ఇక నువ్వు మాకు పరాయివాడివి' అని ముగించాను. అమ్మ చదివి 'ఆడపడుచు నోరు మొదటి రోజే చూపిస్తావా' అంది. అవన్నీ తీసేస్తే శుభాకాంక్షల కార్డులా మిగిలింది. చిన్నప్పుడు నాకు పది రూపాయలు అప్పిచ్చి, వారానికి రూపాయి వడ్డీ అని నోటు పుస్తకంలో రాసుకునేవాడు. నేను హాస్టలుకు వెళ్లిన రోజు ఆ పేజీ చించి, అడ్డంగా గీత కొట్టి నా పెట్టెలో పెట్టాడు. అది నా దగ్గరే ఉంది. ఎవరికీ అర్థం కాదేమోనని రాయలేదు. ఏం చేయను?

జవాబు: రాయకుండా వదిలేసిన ఆ పేజీయే మీరు రాయాల్సింది.

ముందు మీ అమ్మగారి మాట చూద్దాం. ఆవిడ ఆటపట్టించడాన్ని తప్పుపట్టలేదని నాకనిపిస్తోంది. మన పెళ్లిళ్లలో ఆడపడుచుకు ఆ హక్కు ఎప్పటినుంచో ఉంది. గృహప్రవేశం వేళ గుమ్మానికి అడ్డంగా నిలబడి, పేర్లు చెబితేగాని లోపలికి రానివ్వనని మొండికేసేది మీరే కదా! అయితే ఆ అల్లరిని కాస్త గమనించండి. పేరు చెప్పడానికి ఇద్దరూ సిగ్గుపడతారు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఎవరి రహస్యమూ బయటపడదు. బిందెలో ఉంగరం తీసే ఆటా అంతే, ఓడినవాళ్లకు పోయేదేమీ లేదు.

మీరు రాసిన పెళ్లిచూపుల మాట అలాంటిది కాదు. మీకది అన్నయ్య మీద జోకు. పెళ్లికూతురి మేనత్త చదివితే 'ఇద్దరు వద్దన్న సంబంధమా మనం చేసుకున్నది' అవుతుంది. ఇంటర్ సంగతి మీ కాబోయే వదినకు మీ అన్నయ్య ఈపాటికే చెప్పి ఉంటే పర్వాలేదు. చెప్పకపోతే, ఆమెకు ఆ విషయం తెలియాల్సింది నలుగురూ చూసే ఫొటో కింద కాదు. గురక మాటకు మీ స్నేహితులు నవ్వేస్తారు. పెళ్లింట్లో పెద్దవాళ్ల మధ్య తలవంచుకు కూర్చున్న కొత్త కోడలికి మాత్రం అది ఇబ్బంది. నా తమ్ముడి పెళ్లిలో నేను సరదాకన్న ఒక మాటను మా మరదలు పన్నెండేళ్ల తర్వాత పొల్లుపోకుండా నాకు తిరిగి అప్పజెప్పింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

'పరాయివాడివి' అన్నదాన్ని మాత్రం తప్పకుండా కొట్టేయండి. మీరు బెంగతోనే రాశారు, నిజమే. కానీ చదివే ఆమెకు తానెవరినో లాక్కుపోతున్నట్టు వినిపిస్తుంది. పుట్టిల్లు వదిలి వస్తున్నది ఆమె, మీ అన్నయ్య కాదు.

ఇక ఆ పేజీ. ఆటపట్టించడం ఒకచోట, ప్రేమ ఇంకోచోట అతికించే పని మీకు లేదు, రెండూ ఆ ఒక్క కాగితం మీదే ఉన్నాయి. వడ్డీ లెక్క చదివి నవ్వుతారు, అడ్డగీత దగ్గరికి వచ్చేసరికి ఆగుతారు. 'మనసు బంగారం', 'రెండో నాన్న' లాంటి మాటలు పక్కన చేర్చారంటే ఆ గీత బలం పోతుంది. వడ్డీ ఎంతో అంకెతోనే రాయండి, 'బోలెడంత' అనకండి. నేనైతే ఇలా రాస్తాను:

'పది రూపాయలు అప్పిచ్చి, చెల్లెలని కూడా చూడకుండా వారానికి రూపాయి వడ్డీ రాసుకున్న మనిషి ఈ రోజు పెళ్లికొడుకు. నేను హాస్టలుకు వెళ్లిన రోజు పెట్టె తెరిస్తే ఆ పద్దు పేజీ కనిపించింది, అడ్డంగా గీత కొట్టి. దాని గురించి అన్నయ్య ఒక్క మాటా చెప్పలేదు. వదినా, మా అన్నయ్య లెక్కలు ఇలాగే ఉంటాయి. పైకి వడ్డీ అడుగుతాడు, కంగారు పడకు.'

మాటలు మీవిగా మార్చుకోండి. ఆమెను ఇంకా 'మీరు' అనే పిలుస్తుంటే 'కంగారు పడకండి' అనే రాయండి, ఫొటో కోసం కొత్త చనువు తెచ్చిపెట్టుకోవద్దు.

పెట్టే ముందు, పెళ్లికి ఒకటి రెండు రోజుల ముందే అన్నయ్యకు చదివి వినిపించండి. ముహూర్తం రోజు ఆయనకు ఊపిరాడదు. పేజీ సంగతి మన ఇద్దరి మధ్యే ఉండనీ అంటే మరి మాట్లాడకుండా తీసేయండి. అప్పుడు ఫొటో కింద వడ్డీ వరకే ఉంటుంది, అది చాలు. ఆ కాగితాన్ని మాత్రం, అన్నయ్య సరేనంటే, గుమ్మం దగ్గర పేర్లు చెప్పించుకుని దారి వదిలాక మీ వదిన చేతిలో పెట్టండి.