వాలును పట్టాలంటే ఎంతమంది కావాలి?

ప్రశ్న: ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. రోజూ తినే ఉప్పుకూ పై బీపీకీ మధ్య రిగ్రెషన్ వాలు ఎంతో చూడటం నా ప్రాజెక్టు. జీ-పవర్ సాఫ్ట్‌వేర్‌లో మధ్యస్థ ప్రభావం పెడితే 55 మంది చాలని వచ్చింది. బయోస్టాటిస్టిక్స్ ఉద్యోగాలకు వెళ్లాలని ఉంది. ఇంటర్వ్యూలో ఈ సంఖ్యను సమర్థించుకోగలనా? – ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ఇప్పుడున్న రూపంలో సమర్థించుకోలేరమ్మా. లెక్క తప్పని కాదు, ఆ లెక్కలో మీ ప్రశ్న లేదు. ఇంటర్వ్యూ చేసేవారు ముందుగా అడిగేది, ‘55 మందితో మీరు పట్టదలచిన వాలు ఎంత?’ అనే. మధ్యస్థం అంటే వారికి జవాబు కాదు. గ్రాము ఉప్పుకు బీపీ ఎన్ని పాయింట్లు మారుతుందో చెప్పాలి.

ఆ 55 వెనకున్న వాలును బయటకు తీద్దాం. జీ-పవర్‌లో మధ్యస్థం అంటే f² = 0.15. గీత వివరించే మార్పుకూ మిగిలిపోయే మార్పుకూ ఉన్న నిష్పత్తి అది. మీరు చూసే పెద్దవాళ్లలో ఉప్పు వాడకం ప్రామాణిక విచలనం 3 గ్రాములనీ, రిగ్రెషన్ గీత చుట్టూ మిగిలే బీపీ చెదురు 15 పాయింట్లనీ అనుకోండి. 0.15 వర్గమూలం సుమారు 0.39. దాన్ని 15తో హెచ్చించి 3తో భాగిస్తే 1.94 వస్తుంది. అంటే ఒక్క గ్రాము ఉప్పుకు బీపీ దాదాపు 2 పాయింట్లు పెరుగుతుందని మీకు తెలియకుండానే ఊహించేశారు. ఉప్పు తగ్గించిన ట్రయల్స్‌ను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణ ఒకటుంది. అందులో రోజుకు సగటున 4.4 గ్రాములు తగ్గిస్తే పై బీపీ సుమారు 4.2 పాయింట్లు తగ్గింది, అంటే గ్రాముకు ఒక పాయింటు. మీ ఊహ దానికి రెట్టింపు. వాలును ఎంచుకోవలసింది ఇలాంటి పాత ఫలితాల నుంచి, లేదా వైద్యుడు పట్టించుకునే కనీస మార్పు నుంచి. మెనూలో ముందే ఉన్న అంకె నుంచి కాదు.

వాలు 1 అని పెట్టుకుని మళ్లీ లెక్కిద్దాం. 5 శాతం స్థాయిలో రెండు వైపుల పరీక్షకు, 80 శాతం పవర్‌కు, అంటే నిజంగా ఉన్న వాలును పదింట ఎనిమిదిసార్లు పట్టడానికి, సూత్రం ఇది:

```
n ≈ 7.85 × σ² / (b² × s²)
```

ఇక్కడ n కావలసిన మనుషుల సంఖ్య, b పట్టదలచిన వాలు, s ఉప్పు వాడకపు విచలనం, σ గీత చుట్టూ మిగిలే చెదురు. 7.85 అంటే (1.96 + 0.842)². అంకెలు పెడితే 7.85 × 225 / 9 = 196 మంది. వాలు 0.5 అయితే 785 మంది కావాలి, ఎందుకంటే వాలు సగమైతే n నాలుగింతలవుతుంది. σ దగ్గర చాలామంది జారిపోతారు. అది బీపీ మొత్తం విచలనం కాదు, మోడల్ వివరించగా మిగిలినది. వయసు, బరువు మోడల్‌లోకి వస్తే అది తగ్గుతుంది. అయితే ఆ చరరాశులు ఉప్పుతో కలిసి కదిలితే, వాటివల్ల ఉప్పులో వివరమయ్యే భాగం R² అనుకుని nను 1 − R²తో భాగించాలి.

సూత్రంలో నాకు బాగా నచ్చేది s. nను పెంచలేని విద్యార్థి చేతిలో ఉండేది అదే. ఒకే హాస్టల్ భోజనం తినేవారిని తీసుకుంటే ఉప్పు విచలనం 1.5 గ్రాములకు పడిపోవచ్చు. అప్పుడు అదే వాలుకు 196 కాస్తా 785 అవుతుంది. అదే వివిధ ఇళ్ల నుంచి, వివిధ వృత్తుల నుంచి తీసుకుంటే s పెరుగుతుంది. రెండు చివరల వారినే ఏరుకుంటే ఇంకా పెరుగుతుంది కానీ, మధ్యలో గీత వంగిందో లేదో చూసే అవకాశం పోతుంది. అందుకని మధ్యలోనూ కొందరిని ఉంచండి.

ఇక అసలు చిక్కు ఉప్పును కొలవడంలో ఉంది. ఒక్క రోజు 24 గంటల మూత్రాన్ని పరీక్షిస్తే తెలిసేది ఆ రోజు ఉప్పే, మనిషి అలవాటు కాదు. కొలతలో ఉన్న ఈ గజిబిజి వాలును చదును చేస్తుంది. కొలత విశ్వసనీయత 0.5 అనుకుందాం (మీరు ఎంచుకునే పద్ధతికి ఎంతో పాత అధ్యయనాల్లో వెతకాలి). అసలు వాలు 1 అయినా మీకు కనిపించేది 0.5. అయితే గజిబిజి వల్ల కొలిచిన ఉప్పు s² కూడా రెట్టింపవుతుంది కాబట్టి కావలసినవారు 785 కాదు, 196 కూడా కాదు, సుమారు 400. ఒక్కొక్కరి దగ్గర రెండు రోజుల మూత్రం సేకరించి సగటు తీసుకుంటే విశ్వసనీయత 0.67కి చేరుతుంది, 300 మంది సరిపోతారు. 24 గంటల సేకరణను సరిగా పూర్తి చేయనివారు ఉంటారు. 15 శాతం పోతారనుకుంటే 400ను 0.85తో భాగించి 471 మందిని చేర్చుకోవాలి.

సూత్రాన్ని గుడ్డిగా నమ్మకండి, ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో సిమ్యులేషన్‌తో సరిచూడండి. ఈ నాలుగు ముక్కలు వివరించగలిగితే ఇంటర్వ్యూలో మీ మాటకు బలం వస్తుంది:

```r
okasari <- function(n, b = 1, sigma = 15, s = 3) {
  x <- rnorm(n, 8, s)
  y <- 110 + b * x + rnorm(n, 0, sigma)
  summary(lm(y ~ x))$coefficients[2, 4] < 0.05
}
mean(replicate(2000, okasari(196)))
```

జవాబు 0.80 దగ్గర వస్తుంది. 196 బదులు 55 పెట్టి చూడండి, 0.3 దగ్గర ఆగుతుంది. అంటే నిజంగా గ్రాముకు ఒక పాయింటు వాలున్నా పదింట ఏడుసార్లు మీరు దాన్ని పట్టలేరు. పట్టినా చిక్కే. 55 మందితో వాలు ప్రామాణిక దోషం 0.67, కాబట్టి అంచనా 1.35 దాటితేనే అది గణనీయం అవుతుంది. అసలు వాలు 1 అయినప్పుడు మీ నివేదికలోకి ఎక్కే ‘విజయం’ ప్రతిసారీ పెంచి చూపినదే అవుతుంది.

క్లినికల్ రీసెర్చ్ సంస్థల్లో ఈ లెక్క డేటా రాకముందే ప్రొటోకాల్‌లో ఉంటుంది. ఏ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో రాయాలని క్లినికల్ ట్రయల్స్ స్టాటిస్టిక్స్‌పై 1998 నాటి అంతర్జాతీయ ICH E9 మార్గదర్శకాలు చెబుతాయి. దీని మీద ఇంటర్వ్యూల్లో ఒక మెలిక ప్రశ్న వస్తుంది: ‘ఫలితం గణనీయం కాలేదు, వచ్చిన వాలుతోనే పవర్ లెక్కించి చూపుతారా?’ చూపనని చెప్పండి. అలా వచ్చే పవర్ p విలువకే మరో వేషం. P సరిగ్గా 0.05 అయితే అది 50 శాతం దగ్గర వస్తుంది, కొత్తగా ఏమీ చెప్పదు. దాని బదులు వాలుకు విశ్వాస అంతరం ఇవ్వాలి.

ఎంత ప్రయత్నించినా 55 మందే దొరికితే ప్రాజెక్టు మానేయనక్కర్లేదు. దిశను తిప్పి రాయండి: ‘ఈ నమూనాతో 80 శాతం పవర్‌తో పట్టగల కనీస వాలు గ్రాముకు సుమారు 1.9 పాయింట్లు, వాలు అంచనాకు 95 శాతం విశ్వాస అంతరం అటూ ఇటూ 1.35 ఉంటుంది.’ దాని కింద σ, s ఎక్కడి నుంచి తీసుకున్నారో ఒక వాక్యం, కొలత విశ్వసనీయత గురించి ఒక వాక్యం చేర్చండి. ఈ వారమే మీ గైడ్ గారికి ఈ పేజీ చూపించి, డేటా సేకరణ మొదలుకాకముందే సంతకం చేయించుకోండి. దరఖాస్తుతో పాటు పంపవలసిన పేజీ కూడా అదే.