చీపురుపల్లిలో 40 సెంట్లు: ముందు కోడిపిల్లలతో నేర్చుకోండి

ప్రశ్న: బీకాం పూర్తయింది. చీపురుపల్లి దగ్గర మాకు 40 సెంట్ల మెట్ట ఉంది. ఇంట్లో ఎవరికీ వ్యవసాయం తెలీదు. లక్షన్నర వరకు పెట్టగలం. కోళ్లా, గేదెలా, తేనెటీగలా?

జవాబు: కోళ్లు. అదీ 50 పిల్లలతోనే. 40 సెంట్ల మెట్టలో రెండు గేదెలకు ఏడాది పొడవునా పచ్చిమేత రాదు, కొనడం మొదలుపెడితే పాల డబ్బు అక్కడే పోతుంది. తేనెటీగలు ఎగిరి వెళ్లేది చుట్టుపక్కల పూలకి కాబట్టి మీ పొలంతో వాటికి పెద్దగా పని లేదు. పూతను బట్టి పెట్టెలు ఊరూరా మార్చాలి, కొత్తవాళ్లకు అది కష్టం.

పెరటికి వనరాజా, గ్రామప్రియ రకాలు బాగుంటాయి. గుడ్లే ముఖ్యమనుకుంటే గ్రామప్రియ. పిల్లల్ని సెప్టెంబర్ మొదట్లో దించండి. మన జిల్లాల్లో తుపాన్ల భయం అక్టోబర్‌లోనే ఎక్కువ, హుద్‌హుద్, తిత్లీ రెండూ ఆ నెలలోనే వచ్చాయి. అప్పటికి పిల్లలు బల్బు వెచ్చదనం అవసరమయ్యే వయసు దాటేస్తాయి. పుంజులు సంక్రాంతి బేరానికీ అందుతాయి.

కొత్తవాళ్లు నష్టపోయేది మొదటి మూడు వారాల్లోనే. అడుగున్నర ఎత్తు రేకుతో అయిదడుగుల వెడల్పు గుండ్రంగా దడి కట్టి, లోపల రెండంగుళాల ఊక పరిచి, మధ్యలో వంద వాట్ల వేడి బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ పనికిరాదు, దానికి వేడి ఉండదు. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, తర్వాత వారానికి 5 తగ్గించాలి. థర్మామీటర్ కంటే పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలి, నోళ్లు తెరిచి దడి వైపు జరిగితే వేడి. ఒకే పక్కకు చేరితే గాలి కొడుతోందని అర్థం. రాత్రి పదకొండింటికి ఒకసారి వెళ్లి చూడాల్సిందే. కరెంటు పోతే పెట్టడానికి బొగ్గుల కుంపటి సిద్ధంగా ఉంచుకోండి, పొగ మాత్రం లోపల నిలవనివ్వకండి.

రెండో గండం కొక్కెర తెగులు. పచ్చటి విరేచనాలు, మెడ వంకర కనిపించాక చేయగలిగింది లేదు. అందుకే వారం లోపు లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయాలి, 14వ రోజు గంబోరో అనే మరో జబ్బుకు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఎనిమిదో వారం కొక్కెరకే ఆర్‌టూబీ టీకా సూది. టీకా మందు ఐస్‌లో తేవాలి, కలిపిన గంటలో వాడేయాలి. సంతలో కొన్న కోడిని మూడు వారాలు వేరుగా ఉంచకుండా మందలో కలపకండి.

ఇక డబ్బు. సగం పుంజులు పోగా, ఆరో నెలకు 20 పెట్టలు మిగిలాయనుకుందాం. రోజుకు పది గుడ్లు, గుడ్డు పది రూపాయలనుకున్నా వంద రూపాయలే. అందులో దాణా ఖర్చు తీసేయాలి. కాబట్టి దీన్ని చూసి ఉద్యోగ ప్రయత్నం మానకండి. ఈ విడతకు పాతిక, ముప్పై వేలకు మించి పెట్టకండి, మిగతాది బ్యాంకులో ఉంచండి. అయిదింట ఒకటి కంటే ఎక్కువ పిల్లలు చనిపోతే రెండో విడత కూడా 50తోనే. వందకు ఎక్కాలంటే ముందు ఈ లెక్క కుదరాలి.

గరివిడి పశువైద్య కళాశాల మీకు దగ్గరే. షెడ్డు కట్టకముందే ఒకసారి వెళ్లి, పిల్లలు ఎక్కడ దొరుకుతాయో, టీకా ఎవరు వేస్తారో అడిగి రండి.